కొన్నరోజే అమ్మి చూడండి

మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ ఓ మధ్యాహ్నం ఫోను పట్టుకుని విసవిసా వచ్చింది. తెనాలి ఎండకంటే ఆమె ముఖమే ఎక్కువ మండుతోంది.

"అక్కా, ఇందాకే దీంట్లో ఐదొందలు పెట్టి బంగారం కొన్నా. పది నిమిషాలు కాలేదు, అమ్మితే ఎంతొస్తుందో చూద్దామని నొక్కితే నాలుగొందల డెబ్బై అంటోంది. ముప్పై రూపాయలు ఎవరు తిన్నట్టు?"

ఫోను చేతిలో ఉంటే, భుజానికున్న సంచిలో నగల దుకాణం వాళ్లిచ్చిన స్కీము కార్డుంది. నెలకు రెండు వేలు. ఏడు గళ్లలో ముద్రలు పడ్డాయి, ఇంకా నాలుగు ఖాళీ. మెడలో పుస్తెలతాడు. అది రెండుసార్లు బ్యాంకు లాకరులోకి వెళ్లొచ్చింది, దాచడానికి కాదు, తాకట్టు మీద. ఫోనులో బంగారం, కార్డు మీద బంగారం, ఒంటి మీద బంగారం. మూడూ ఆమె ఒక్కదాని దగ్గరే ఉన్నాయి. ఇది చాలదన్నట్టు, జాకెట్లు కుట్టించుకునే టీచరమ్మ ఒకావిడ "గోల్డ్ ఫండ్‌లో వెయ్యి, అదే మేలు" అని కొత్త మాట చెవిలో వేసిందట.

ఆమె ఐదొందలకు అడిగిన ప్రశ్ననే నగకూ ఫండుకూ కూడా అడిగితే ఏమవుతుంది? కొన్నరోజే అమ్మేస్తే ఎంత తిరిగొస్తుంది? ఎవరూ అలా అమ్మరు, నిజమే. కానీ బంగారం ధర ఏడాదిలో పెరిగితే ఆ పెరుగుదల కింద ఖర్చులన్నీ దాక్కుంటాయి. లక్ష పెట్టి కొన్న గొలుసు మూడేళ్లకు లక్షన్నర పలికితే యాభై వేలు లాభం అనుకుంటాం. అసలు లక్షా ఎనభై వేలు రావలసింది కదా అని ఎవరూ అడగరు. కొన్నరోజే అమ్మినట్టు లెక్క వేస్తే ధర కదలిక ఉండదు. ఖర్చు ఒక్కటే బట్టబయలుగా నిలబడుతుంది.

లెక్క తేలిగ్గా ఉండటానికి మేలిమి బంగారం, అంటే 24 క్యారెట్లది, గ్రాము ₹10,000 అనుకుందాం. అప్పుడు నగల్లో వాడే 22 క్యారెట్లది గ్రాము ₹9,160 అవుతుంది, ఎందుకంటే అందులో మేలిమి 91.6 శాతమే. మీరు చదివే రోజున ధర వేరుగా ఉంటుంది. ధర మారినా కింద చెప్పే నిష్పత్తులు మారవు. చేతిలో ఉన్నది లక్ష రూపాయలు.

నగల బిల్లులో ఏముంటుంది

దుకాణంలో గొలుసు తూచి, బోర్డు మీది ధరతో గుణించి, దాని మీద తరుగు వేస్తారు. కంసాలి బంగారం కరిగించి, సాగదీసి, రాకేటప్పుడు పొడిగా పోయేదాన్ని ఒకప్పుడు తరుగు అనేవారు. ఇప్పుడు చాలా నగలు యంత్రాల మీదే తయారవుతున్నా, రాలిన పొడిని ఊడ్చి మళ్లీ కరిగిస్తున్నా మాట మాత్రం అలాగే ఉండిపోయింది. కొన్ని దుకాణాల్లో తరుగు, మజూరీ విడివిడిగా రాస్తారు. కొన్నిచోట్ల రెండూ కలిపి వీఏ అంటారు. పేరేదైనా మీరు అడగాల్సింది ఒక్కటే: బంగారం విలువ మీద అన్నీ కలిపి ఎంత శాతం పడుతోంది? సాదా గొలుసుకు తక్కువ, నక్షీ పని ఉన్నదానికి చాలా ఎక్కువ. మన లెక్కకు 14 శాతం అనుకుందాం. ఆ మొత్తం మీద 3 శాతం జీఎస్‌టీ. బంగారం మీదే కాదు, తరుగు మీద కూడా జీఎస్‌టీ కడుతున్నామని గుర్తుంచుకోండి.

₹9,160కి 14 శాతం కలిపి, దాని మీద 3 శాతం కలిపితే గ్రాము నగ ₹10,756 దగ్గర పడుతుంది. లక్షకు వచ్చేది 9.3 గ్రాములు, కాసు కన్నా కొంచెం ఎక్కువ. దాన్ని అదే సాయంత్రం తీసుకెళ్లి అమ్మితే? తరుగుకు విలువ లేదు, కట్టిన పన్ను వెనక్కి రాదు. లెక్కలోకి వచ్చేది 9.3 గ్రాముల బంగారం ఒక్కటే, అంటే ₹85,164. పాత బంగారం కొనేవాళ్లు అందులో కూడా కొంత తగ్గిస్తారు. 3 శాతం తగ్గించారనుకుంటే చేతికొచ్చేది ₹82,600.

ఒక్క పూటలో పదిహేడు వేల నాలుగు వందలు పోయాయి.

ఇది మోసం కాదు. ఇందులో ఎక్కువ భాగం పనితనానికి, పన్నుకు, దుకాణం అద్దెకు వెళ్లింది. నగ వేసుకుని నాలుగు పెళ్లిళ్లకు వెళితే ఆ డబ్బుకు విలువ దక్కినట్టే. చీర కట్టుకుని దాన్ని తిరిగి అమ్మితే ఎంతొస్తుందని ఎవరూ అడగరు కదా. చిక్కల్లా దీన్ని పొదుపు అని పిలిచినప్పుడే.

రాళ్ల నగలైతే ఈ లెక్క ఇంకా దిగుతుంది. బిల్లులో మొత్తం బరువు, నికర బరువు అని రెండు వేర్వేరు అంకెలుండాలి. రాళ్లు, పూసలు, లక్క తీసేసిన తర్వాత మిగిలిన బంగారం బరువే నికర బరువు. బంగారం ధర వేయాల్సింది దాని మీదే. మొత్తం బరువు మీద ధర కట్టి, రాళ్లకు మళ్లీ విడిగా రేటు వేశారంటే రంగురాయిని బంగారం ధరకు కొన్నట్టు. తిరిగి అమ్మేటప్పుడు ఆ రాళ్లను దుకాణదారే మొదట తీసి పక్కన పెడతాడు. మా పెద్దమ్మాయి నెక్లెసు మార్చేటప్పుడు ఆ దృశ్యం చూశాను. ఎర్రరాళ్లు చిన్న పళ్లెంలో పడిన చప్పుడు ఇంకా చెవిలో ఉంది. కొన్నప్పుడు అవి కెంపులు, అమ్మేటప్పుడు గాజుముక్కలు. ఆ దుకాణం పేరు ఇక్కడెందుకు లెండి, బిల్లు చదవకుండా సంతకం పెట్టింది నేనే.

స్వచ్ఛత విషయంలో మాత్రం మన అమ్మమ్మల కాలంకంటే మనమే నయం. వాళ్లకున్నది కంసాలి మీద నమ్మకం, అతని గీటురాయి. హాల్‌మార్క్ 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి నగ మీదా ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉండాలి. ముద్రలో మూడే ఉంటాయి: బీఐఎస్ త్రికోణం గుర్తు, 22K916 లాంటి స్వచ్ఛత అంకె, ఆ ఆరు గుర్తుల సంఖ్య. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ సంఖ్య కొడితే అది ఏ రకం నగ, స్వచ్ఛత ఎంత, ఎక్కడ పరీక్షించారు అన్నది కనిపిస్తుంది. చేతిలో ఉన్నది గాజైతే, తెర మీద ఉంగరం అని వస్తే అక్కడే ఆగండి. ఈ ముద్రకు నగకు ₹45, దాని మీద జీఎస్‌టీ మాత్రమే. "హాల్‌మార్క్ నగండీ, అందుకే తరుగు ఎక్కువ" అని ఎవరైనా అంటే ఈ నలభై అయిదు రూపాయలు గుర్తు చేయండి. రెండు గ్రాముల లోపు నగలకు ఈ నిబంధన వర్తించదు. కాబట్టి ముక్కుపుడకలు, చిన్నపిల్లల పోగుల దగ్గర ఇప్పటికీ నమ్మకమే ఆధారం.

ఫోనులో బంగారం ఎవరి దగ్గరుంటుంది

మళ్లీ ఆ ముప్పై రూపాయల దగ్గరికి వద్దాం. డిజిటల్ గోల్డ్ కొన్నప్పుడు మొదట 3 శాతం జీఎస్‌టీ పోతుంది. ఐదొందల్లో బంగారానికి చేరేది ₹485 మాత్రమే. ఆ తర్వాత యాప్‌లో కొనే ధర ఒకటి, అమ్మే ధర ఒకటి ఉంటాయి. వాటి మధ్య తేడా 3 శాతం అనుకుంటే, వెంటనే అమ్మితే ₹471 వస్తుంది. ఆమె తెర మీద చూసింది ఇదే. లక్ష పెట్టి ఉంటే ₹94,175 వచ్చేది.

ఈ తేడా ఒక్కో అమ్మకందారుకు ఒక్కోలా ఉంటుంది, రోజును బట్టి మారుతుంది కూడా. తెలుసుకోవడం చాలా తేలిక. ఒకే నిమిషంలో 'కొను' నొక్కి ధర రాసుకోండి, 'అమ్ము' నొక్కి ధర రాసుకోండి. రెంటి మధ్య తేడాను మొదటిదానితో భాగించండి. దానికి జీఎస్‌టీ కలిపితే మీ ప్రవేశ రుసుము తేలుతుంది. పది రూపాయలతో కొన్నా, పదివేలతో కొన్నా శాతం అదే. "పది రూపాయలతో బంగారం" అన్న ప్రకటనలో ఆ పదిలో అరవై పైసల దాకా ఇలా పోతుందన్నమాట ఉండదు.

ఖర్చుకంటే పెద్ద విషయం ఇంకొకటుంది. మనం చూసే చెల్లింపుల యాప్ బంగారం అమ్మడం లేదు, అది దుకాణం ముందున్న బోర్డు మాత్రమే. వెనక అమ్మేవి ఎంఎంటీసీ-పాంప్, సేఫ్‌గోల్డ్, ఆగ్‌మాంట్ లాంటి కంపెనీలు. మీ పేరు మీద అంత బంగారం ఖజానాలో పెట్టామని, దాన్ని చూసుకోవడానికి ట్రస్టీని పెట్టుకున్నామని అవి చెబుతాయి. ఆ ఏర్పాటు ఉండవచ్చు, బాగానే నడుస్తుండవచ్చు కూడా. కానీ రేపు తేడా వస్తే ఫిర్యాదు తీసుకునే నియంత్రణ సంస్థ ఏది? 2025 నవంబరు 8న సెబీ ఈ విషయం నేరుగా చెప్పింది. డిజిటల్ గోల్డ్ తన పరిధిలోకి రాదు, అది సెక్యూరిటీ కాదు, తాను నియంత్రించే కమోడిటీ డెరివేటివ్ కూడా కాదు, కాబట్టి మదుపరుల రక్షణకు ఉన్న ఏర్పాట్లు దానికి వర్తించవు అని. అంతకుముందు 2021లోనే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తన బ్రోకర్లను డిజిటల్ గోల్డ్ అమ్మకం సెప్టెంబరు 10 కల్లా ఆపేయమంది. అందుకే అది ఇప్పుడు చెల్లింపుల యాప్‌లలో, నగల కంపెనీల వెబ్‌సైట్లలో కనిపిస్తుంది.

నిబంధనల పేజీ ఎవరూ చదవరు, తెలుసు. అయినా రెండు చోట్ల వెతకండి. ఉచితంగా ఎన్నేళ్లు దాస్తారు, ఆ తర్వాత ఏం చేస్తారు అన్నది ఒకటి. నాణెంగా ఇంటికి తెప్పించుకుంటే తయారీకి, పంపడానికి ఎంత అన్నది రెండోది. గ్రాము, రెండు గ్రాముల నాణెం మీద ఆ ఖర్చు బాగా బరువుగా ఉంటుంది.

ఇంకో చిక్కు యాప్‌లో కాదు, ఇంట్లో ఉంది. మా జాకెట్లావిడ బంగారం ఉన్నది భర్త నంబరు మీద తీసిన ఖాతాలో. పాస్‌బుక్ లేదు, కాగితం లేదు. ఆ నంబరు పోయినా, మనిషికి ఏదైనా అయినా అందులో బంగారముందని పిల్లలకు తెలిసే దారే లేదు. నగైతే బీరువాలో కనబడుతుంది. కనీసం ఏ యాప్, ఏ నంబరు, వెనక ఏ కంపెనీ అన్నది రేషన్ కార్డు దాచేచోట ఓ కాగితం మీద రాసి పెట్టమన్నాను.

టీచరమ్మ చెప్పిన ఫండ్

మన దేశంలో గోల్డ్ ఈటీఎఫ్ 2007లో మొదలైంది. మ్యూచువల్ ఫండ్ కంపెనీ మేలిమి కడ్డీలు కొని, కస్టోడియన్ దగ్గర పెట్టి, వాటిని చిన్న చిన్న యూనిట్లుగా చేసి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో అమ్ముతుంది. గ్రాములో వందో వంతు యూనిట్లు కూడా ఉన్నాయి. మన లెక్క ధరలో అది వంద రూపాయలు. ఇదంతా సెబీ నిబంధనల కింద నడుస్తుంది. యూనిట్ కొన్నప్పుడు మీ మీద జీఎస్‌టీ పడదు. లక్ష పెట్టి అదే రోజు అమ్మేస్తే బ్రోకరేజీ, చిన్న చిన్న రుసుములు, కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఉండే కొద్దిపాటి ధర తేడా కలిపి ఐదొందల లోపే పోతాయి. చేతికి ₹99,500 వచ్చిందనుకోండి.

దీనికి డీమ్యాట్ ఖాతా కావాలి. అది వద్దనుకుంటే గోల్డ్ ఫండ్ ఉంది. మీ డబ్బు తీసుకుని అదే పోయి ఈటీఎఫ్ యూనిట్లు కొంటుంది. పాన్, కేవైసీ ఉంటే చాలు. నెలకు ఐదొందల సిప్ కూడా పెట్టుకోవచ్చు. కాకపోతే చాలా ఫండ్లలో తొందరగా తీసేస్తే ఒక శాతం దాకా ఎగ్జిట్ లోడ్ ఉంటుంది. ఆ గడువు కొన్నింటిలో రెండు వారాలు, కొన్నింటిలో ఏడాది. గడువు ఎంతో ముందే చూసుకోవాలి.

ఇక్కడ ఖర్చు తలుపు దగ్గర వసూలు చేయరు, అద్దెలా ఏటా తీసుకుంటారు. ఈటీఎఫ్‌లో అది ఏడాదికి అర శాతం అటూ ఇటూ ఉంటుంది, ఒక శాతం దాటకూడదు. ఫండ్‌లో ఈటీఎఫ్ ఖర్చుకు తోడు ఫండ్ సొంత ఖర్చు కూడా పడుతుంది. ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్‌లో ఆయన కమిషన్ కూడా అందులోంచే పోతుంది, డైరెక్ట్ ప్లాన్‌లో పోదు. ఈ ఖర్చు బిల్లుగా రాదు, రోజువారీ యూనిట్ విలువలోంచే తగ్గిపోతూ ఉంటుంది.

మొత్తం ఏడాదికి 0.6 శాతం అనుకుంటే అయిదేళ్లకు 3 శాతం, పదేళ్లకు దాదాపు 6 శాతం. అంటే డిజిటల్ గోల్డ్ మొదటిరోజే తీసుకున్న ఆరు శాతాన్ని ఫండ్ పదేళ్లలో తీసుకుంటుంది. ఖర్చు ఒక్కటే చూస్తే పదేళ్ల దగ్గర రెండూ సమానం. ఫండ్లు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. కానీ ఫోనులో అమ్మే బంగారాన్ని పదేళ్లు అలాగే ఉంచుతారా, అంతకాలం ఆ కంపెనీ మీద ఎవరి కన్ను ఉంటుంది అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. అందుకే పదేళ్ల సమానత్వం నన్నంతగా కదిలించలేదు. నగల విషయంలోనైతే ఆ పదిహేడున్నర శాతాన్ని ఫండ్ ఖర్చు అందుకోవడానికి ముప్పై ఏళ్లు పడుతుంది.

బంగారం ధర పడితే మాత్రం ఏ రూపంలో ఉన్నా పడినట్టే. 2013 ఆగస్టులో పది గ్రాములు ₹33,000 దాటిన బంగారం 2015లో ₹25,000 దగ్గరికి దిగింది. పాత ధరను మళ్లీ దాటేసరికి 2019 వచ్చింది. 2024 జూలై 23న బడ్జెట్‌లో దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించగానే ఆ ఒక్కరోజే ధర గణనీయంగా జారింది. ఫండ్ పెట్టుకున్నవాళ్లు దాన్ని తెర మీద ఎర్రంకెగా చూసి కంగారుపడ్డారు. నగలున్నవాళ్లకు ఆ రోజు తెలియనే లేదు. తెలియకపోవడం నష్టం లేకపోవడం కాదు గానీ, కంగారులో అమ్మేయకుండా ఆపుతుంది. నగకున్న ఈ మేలును తక్కువగా చూడను.

చివరికి నగే కావాలంటే

"సరే అక్కా, ఫండే మేలన్నమాట" అంది ఆమె. అంతలో తేల్చేయకు అన్నాను. ఎందుకంటే ఆమె దాస్తున్నది కూతురి కోసం. పిల్లకిప్పుడు పదిహేడేళ్లు. అయిదారేళ్లలో పెళ్లి. అప్పుడు ఫండ్ కాగితం మెడలో వేసి పంపరు కదా.

ఆ లక్ష ఫండ్‌లో అయిదేళ్లుంచి, అప్పుడు అమ్మి నగ కొంటే లెక్క మారుతుంది. ధర పెరగలేదనుకుంటే ఖర్చులు పోను ₹96,500 మిగులుతుంది. దాంతో అదే తరుగు, అదే జీఎస్‌టీ కట్టి కొంటే 8.97 గ్రాముల నగ వస్తుంది. ఇవాళే కొనుంటే 9.3 గ్రాములు. పదిహేడు వేల తేడా కాస్తా మూడో వంతు గ్రాముకు దిగింది, అదీ నగ వైపే. తరుగు ఎలాగూ ఒకసారి కట్టక తప్పదు కాబట్టి ఇవాళ కడితేనేం, రేపు కడితేనేం?

ధర రెట్టింపయిందనుకుందాం, అప్పుడు పన్ను కూడా లెక్కలోకి వస్తుంది. బంగారం రెండేళ్లకు మించి ఉంచి అమ్మితే లాభం మీద 12.5 శాతం దీర్ఘకాలిక పన్ను. ఈటీఎఫ్‌కు ఆ గడువు ఏడాదే. షేర్ల లాభానికి ఉన్న లక్షా పాతిక వేల మినహాయింపు బంగారానికి లేదు. ఫండ్ ₹1,93,000 అయితే లాభం ₹93,000, సెస్సుతో కలిపి పన్ను దాదాపు ₹12,100. మిగిలినదాంతో రెట్టింపు ధరకు నగ కొంటే 8.4 గ్రాములు. బీరువాలో ఉన్న నగను పెళ్లిలో అమ్మాయికి వేస్తే పన్ను ప్రసక్తే లేదు. అయితే మా ఆవిడ సంపాదన పన్ను గీత కింద ఎక్కడో ఉంటుంది. మిగిలిన ఆదాయం ఆ గీతకు చాలా దిగువన ఉన్నవాళ్లకు, లాభం ఆ ఖాళీలో ఇమిడిపోతే పన్ను పడదు. ఆమెకు మొదటి లెక్కే, 8.97 గ్రాములే వర్తిస్తుంది. జీతం మీద పన్ను కట్టే ఇంటికి రెండోది.

డిజిటల్ గోల్డ్ అమ్మి నగ కొంటే ఇంకో దెబ్బ. కొన్నప్పుడొకసారి, నగ కొన్నప్పుడు మళ్లీ ఒకసారి, జీఎస్‌టీ రెండుసార్లు కట్టినట్టవుతుంది. నగ కోసం దాచేవాళ్లకు అన్నిటికంటే ఖరీదైన దారి అదే.

మరి ఇవాళే నగ కొనేస్తే? అప్పుడు పిల్ల ఇష్టం అడ్డొస్తుంది. పదిహేడేళ్లప్పుడు అమ్మ కొన్న చంద్రహారం ఇరవై మూడేళ్లప్పుడు నచ్చకపోతే మార్చాలి, మారిస్తే కొత్త నగ మీద మళ్లీ పూర్తి తరుగు. పైన చెప్పిన మూడో వంతు గ్రాము ఆదా ఒక్క మార్పిడికే ఎగిరిపోతుంది. ఏ కాలంలోనూ పాతబడని సాదా గాజులు, గొలుసు లాంటివి ఇప్పుడే కొన్నా పరవాలేదు. ఫ్యాషన్‌తో మారే హారాల డబ్బు ఫండ్‌లో ఉండటమే నయం.

స్కీము కార్డు కూడా చూశాను. పదకొండు నెలలే ఎందుకంటే, కంపెనీలు వస్తువు కోసం తీసుకున్న బయానా 365 రోజుల్లో సరుకుగా ఇచ్చేయకపోతే అది డిపాజిట్ అవుతుంది, దాని నిబంధనలు వేరు. కాబట్టి ఈ కార్డు బ్యాంకు ఆర్డీ లాంటిది కాదు, నగకు ముందుగా ఇచ్చే బయానా. దుకాణం మూతపడితే డిపాజిట్ బీమా లాంటి రక్షణ ఏదీ లేదు. లాభం ఎక్కడుందంటే చివర్లో తరుగులో ఇచ్చే తగ్గింపులో. మన లెక్కలో అసలు గుదిబండ తరుగే కాబట్టి ఆ తగ్గింపు నిజంగా విలువైనదే. కానీ అది ఎంత శాతం తరుగు దాకా వర్తిస్తుందో కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. నచ్చిన నగలన్నీ ఆ శాతానికి పైనే ఉంటాయి! ఇంకో ముఖ్యమైన ప్రశ్న: నెలనెలా కట్టింది రూపాయల్లో జమవుతోందా, ఆ రోజు ధరకు గ్రాముల్లోనా? ఆమె కార్డు మీద రూపాయలే ఉన్నాయి. మొదటి నెల కట్టిన రెండు వేలకు పదకొండో నెల ధరకే బంగారం వస్తుంది. ధర పెరుగుతున్న కాలంలో అది బంగారం పొదుపు కాదు, వడ్డీ లేకుండా దాచిన డబ్బు. ఆ తగ్గింపే దానికి వడ్డీ అనుకోవాలి.

తాకట్టు అనే పని

ఇప్పటిదాకా వేసిన లెక్కలో ఒక పెద్ద విషయం రాలేదు. పుస్తెలతాడు రెండుసార్లు బ్యాంకుకు ఎందుకు వెళ్లిందన్నది. ఒకసారి భర్తకు ఆపరేషన్, ఒకసారి కొడుకు డిప్లొమా ఫీజు. రెండుసార్లూ గంటన్నరలో డబ్బు చేతికొచ్చింది. జామీను లేదు, జీతం స్లిప్పు అడగలేదు.

ఫోనులో బంగారానికీ, ఫండ్‌కూ ఈ పని చేతకాదు. రిజర్వ్ బ్యాంకు 2025లో ఇచ్చిన నిబంధనల ప్రకారం బంగారం తాకట్టు రుణం ఇచ్చేది నగల మీద, నాణేల మీద. నాణేలకు 50 గ్రాముల పరిమితి ఉంది. కడ్డీల మీద, ఈటీఎఫ్, గోల్డ్ ఫండ్ యూనిట్ల మీద ఆ రుణం ఇవ్వకూడదు. నగల మీద రెండున్నర లక్షల లోపు రుణమైతే బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. మన 9.3 గ్రాముల గొలుసు మీద అది ₹72,000 దాకా. బ్యాంకు కూడా తరుగును, రాళ్లను లెక్కలోకి తీసుకోదు. నికర బంగారమే.

ఫండ్ ఉన్నవాళ్లు అదే అవసరానికి అమ్ముకోవాలి. డబ్బు రావడానికి రెండు మూడు పనిదినాలు. అదేమీ పెద్ద ఆలస్యం కాదు. కానీ అమ్మితే పోయినట్టే, మళ్లీ కొనాలంటే అప్పటి ధర పెట్టాలి. తాకట్టులో వడ్డీ కడతాం, వస్తువు తిరిగొస్తుంది. విడిపించుకునే ఓపిక లేక వేలంలో పోయిన నగలు కూడా ఉంటాయి, అది వేరే బాధ. ఆరోగ్య బీమా సరిగా లేని, బ్యాంకు వ్యక్తిగత రుణం ఇవ్వని ఇంటికి రెండు మూడు కాసుల సాదా నగ కోల్పోయిన ఆ పదిహేడు శాతం విలువ చేస్తుందని నా అభిప్రాయం. నాలుగో కాసు నుంచి చేయదు. బ్యాంకులో సీల్డు కవరులో అమ్మే నాణేల సంగతి కూడా అడిగింది. అమ్మే బ్యాంకు వాటిని తిరిగి కొనదని చెప్పేసరికి ఆ ఊసు మానేసింది. ప్రభుత్వం జారీ చేసిన సావరిన్ గోల్డ్ బాండ్లు ఏటా రెండున్నర శాతం వడ్డీ ఇచ్చేవి, చిన్న మదుపరికి అన్నిటికంటే మంచివి అవే. 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి రాలేదు.

రెండు వారాల తర్వాత ఆమె ఏం చేసిందంటే, ఫోనులో రోజూ కొనడం ఆపేసింది. ఉన్నది అమ్మలేదు, ధర పెరిగి ఆ ముప్పై రూపాయలు పూడే దాకా ఉంచుతానంది. ఆ లెక్క నాకు పెద్దగా నచ్చలేదు, పోయిన ఖర్చు ఎప్పుడో పోయింది. అయినా డబ్బు ఆమెది. టీచరమ్మ సాయంతో పాన్ కార్డు తీసుకెళ్లి నెలకు వెయ్యి సిప్ పెట్టింది, డైరెక్ట్ ప్లాన్ అని రెండుసార్లు చెప్పించుకుని. స్కీము కార్డు మిగిలిన నాలుగు నెలలూ కడుతోంది, మధ్యలో ఆపితే తగ్గింపు పోతుంది.

మొన్న ఆదివారం ఆ దుకాణంలో పిల్లకు బుట్టకమ్మలు చూడ్డానికి నన్నూ రమ్మంది. సేల్స్ అబ్బాయి నాలుగు జతలు ముందు పెట్టాడు. అన్నిట్లోకీ పిల్లకు నచ్చిన జతను ఆమె తీసుకుని, వెనక్కి తిప్పి, భూతద్దం అడిగింది. ఒక్కో అక్షరం పైకి చదువుతుంటే పిల్ల ఫోనులో కొడుతోంది.

"బాబూ, రాళ్లు తీసేసి ఎంత తూగుతాయో అది కూడా చెప్పు" అంది, భూతద్దం లోంచి తల ఎత్తకుండానే.